‘ఏదైనా అడగండి’ కార్యక్రమానికి ప్రకటన రాయడం ఎలా: ఎప్‌సెట్ కౌన్సెలింగ్ ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి

ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చిన రోజు నుంచి వెబ్ ఆప్షన్ల గడువు ముగిసే దాకా విద్యార్థుల ఇళ్లలో సందేహాలకు అంతుండదు. వాటిని తీర్చడానికి కాలనీ సంఘాలు, పూర్వ విద్యార్థుల సంఘాలు, గ్రంథాలయాలు అనుభవమున్న ఒక అధ్యాపకుడిని పిలిచి ఆన్‌లైన్‌లో ‘ఏదైనా అడగండి’ కార్యక్రమం పెడుతుంటాయి. కొన్నేళ్లుగా ఇలాంటి కార్యక్రమాలకు ప్రకటనలు రాస్తున్నాను కనుక, అది సరిగ్గా ఎలా రాయాలో చెప్పమని చాలామంది అడుగుతున్నారు. తెలంగాణ ఎప్‌సెట్ ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌ను ఉదాహరణగా తీసుకొని ఆ పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ వివరిస్తున్నాను.

నేను రాసిన మొదటి ప్రకటనలో రెండే వాక్యాలున్నాయి: ఆదివారం ఏడు గంటలకు మాస్టారు అందుబాటులో ఉంటారు, ఎలాంటి సందేహమైనా అడగవచ్చు. వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ‘సార్, నా ర్యాంకు ఇంత, ఏ కాలేజీ వస్తుంది?’ అన్నవే. వాటిలో కేటగిరీ లేదు, అమ్మాయో అబ్బాయో తెలియదు, స్థానికత తెలియదు. మాస్టారు ఒక్కొక్కరిని ఆ వివరాలు తిరిగి అడగడంతోనే సగం సమయం గడిచిపోయింది. ఆప్షన్లను ఏ వరుసలో పెట్టుకోవాలని అడగడానికి గంటన్నర ఎదురుచూసిన ఒక అమ్మాయికి వంతే రాలేదు. ఆ తప్పు అడిగినవారిది కాదు, ఏమి అడగాలో, ఎలా అడగాలో చెప్పని నా ప్రకటనది.

## 1. రాయడానికి ముందు తేల్చుకోవలసిన మూడు సంగతులు

మొదటిది, జవాబిచ్చే వ్యక్తికి ఏది తెలుసు, ఏది తెలియదు అన్నది. ఆయనతో పది నిమిషాలు ఫోన్లో మాట్లాడి, ఏయే విషయాలను ధీమాగా చెప్పగలరో, ఏవి తన పరిధిలోకి రావో స్పష్టంగా అడిగి రాసుకోండి. సహాయ కేంద్రంలో ధ్రువపత్రాల పరిశీలన చేసిన అధ్యాపకుడికి పత్రాల సంగతి క్షుణ్ణంగా తెలిసి ఉంటుంది, కానీ విదేశీ విద్య గురించో విద్యారుణం గురించో తెలియకపోవచ్చు. ప్రకటనలోని విషయాల జాబితా మన ఊహలో నుంచి కాక ఆయన చెప్పిన మాటల్లో నుంచి రావాలి.

రెండవది, ఎన్ని ప్రశ్నలకు సమయం సరిపోతుందన్న లెక్క. గంటన్నర కార్యక్రమంలో పరిచయానికి పది నిమిషాలు, ముగింపులో ముఖ్యమైన తేదీలు మరోసారి చెప్పడానికి పది నిమిషాలు తీసేస్తే డెబ్బై నిమిషాలు మిగులుతాయి. ఒక్కో ప్రశ్నను చదివి, జవాబు చెప్పి, చిన్న అనుబంధ సందేహం తీర్చడానికి నాలుగు నిమిషాలు పడుతుందనుకుంటే పదిహేడు ప్రశ్నలకు మించి సాగవు. ఆ సంఖ్యను దాచకుండా ప్రకటనలోనే చెప్పాలి.

మూడవది, కౌన్సెలింగ్ షెడ్యూలులో ఈ కార్యక్రమం ఎక్కడ పడాలన్నది. స్లాట్ బుకింగ్, ధ్రువపత్రాల పరిశీలన, వెబ్ ఆప్షన్ల నమోదు, ఆప్షన్ల ఫ్రీజింగ్, సీట్ల కేటాయింపు, ఫీజు చెల్లించి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయడం అన్న వరుసలో ఒక్కో దశకు ఒక్కో రకం సందేహాలుంటాయి. ఆప్షన్ల గురించి చెప్పే కార్యక్రమాన్ని గడువు ముగిసే రోజు సాయంత్రం పెడితే, విన్న మాటను ఆచరణలో పెట్టడానికి విద్యార్థికి వ్యవధి ఉండదు. ఆప్షన్లు మొదలైన తరువాత, ముగియడానికి కనీసం రెండు రోజుల ముందు పెట్టడం ఉత్తమమని నా అభిప్రాయం. అప్పటికి విద్యార్థి వెబ్‌సైటు తెరిచి ఒక చిత్తు జాబితా రాసుకొని ఉంటాడు కనుక ప్రశ్న కూడా నిర్దిష్టంగా వస్తుంది.

## 2. పరిధిని మూడు వరుసల్లో రాయండి

పరిధి అంటే ‘కౌన్సెలింగ్ గురించి’ అని రాసి ఊరుకోవడం కాదు. చెప్పేవి, చెప్పనివి, కొంతవరకే చెప్పగలిగేవి అని మూడు వరుసలుగా విడదీయాలి. ఈ మూడవ వరుసను చాలామంది వదిలేస్తారు, కానీ నిరాశ పుట్టేది అక్కడే.

చెప్పేవి. పత్రాల పేర్లతో, పనుల పేర్లతో రాయండి. ఉదాహరణకు: ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లలో ఒకటి తక్కువైతే ఏం చేయాలి, ఆదాయ ధ్రువపత్రం దేనికి అవసరం, ఆప్షన్లను ఏ వరుసలో పెట్టాలి, మొదటి విడతలో సీటు వచ్చాక రెండో విడతలో పాల్గొంటే పాత సీటు ఏమవుతుంది.

చెప్పనివి. పరీక్ష పేరు, రాష్ట్రం పేరు కచ్చితంగా ఉండాలి. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రవేశపరీక్షల పేర్లు ఒకేలా వినిపిస్తాయి, కానీ కౌన్సెలింగ్‌లు వేరు. తెలంగాణలో స్థానికతను ఉస్మానియా పరిధిని బట్టి చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులను బట్టి చూస్తారు. ప్రకటన వాట్సాప్‌లో చేతులు మారి గుంటూరుకో తిరుపతికో చేరినప్పుడు, అక్కడి తల్లిదండ్రులు ఇక్కడి నియమాన్ని తమదిగా భావించే ప్రమాదముంది. అందుకే ‘తెలంగాణ ఎప్‌సెట్, ఇంజినీరింగ్ విభాగం, కన్వీనర్ కోటా మాత్రమే’ అన్న మాట మొదటి వాక్యంలోనే రావాలి. యాజమాన్య కోటా సీట్లు, ఐఐటీ, ఎన్ఐటీల కౌన్సెలింగ్, బైపీసీ విభాగం ఉండవని కూడా తేటగా రాయండి.

కొంతవరకే చెప్పగలిగేవి. ‘నా ర్యాంకుకు ఆ కాలేజీలో సీటు వస్తుందా?’ అన్నది ఇందులోకి వస్తుంది. గత ఏడాది ఏ ర్యాంకు దగ్గర సీట్లు ముగిశాయో చూడవచ్చు, కానీ ఈ ఏడాది ముందున్న ర్యాంకుల వారు ఏమి కోరుకుంటారో, ఏ కాలేజీలో ఎన్ని సీట్లు పెరుగుతాయో, తగ్గుతాయో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఆ ప్రశ్నను నిషేధిస్తే తల్లిదండ్రులు నొచ్చుకుంటారు, అనుమతిస్తే కార్యక్రమమంతా అదే ఆక్రమిస్తుంది. నేను చేసే పని దాన్ని మరో ప్రశ్నగా మార్చడం: ‘సీటు వస్తుందో రాదో చెప్పలేము, కానీ మీరు రాసుకున్న పది ఆప్షన్ల వరుస సరిగ్గా ఉందో లేదో చూసి చెబుతాము.’ ఈ ఒక్క వాక్యంతో వచ్చే ప్రశ్నల స్వరూపమే మారుతుంది, ఎందుకంటే పది ఆప్షన్లు రాయడానికి కూర్చున్న విద్యార్థికి తన అసలు సందేహం ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

## 3. సమయాన్ని ఎవరూ వేరుగా అర్థం చేసుకోలేనట్లు రాయండి

ప్రకటన చదివేవారు దాన్ని మనం పంపిన రోజే చదవరు. మూడు రోజుల తరువాత ఎవరో పంపితే చదువుతారు. కనుక ‘రేపు’, ‘ఎల్లుండి’, ‘ఈ ఆదివారం’, ‘వచ్చే ఆదివారం’ అన్న మాటలు ప్రకటనలో ఉండకూడదు. శుక్రవారం నాడు ‘వచ్చే ఆదివారం’ అంటే కొందరు రెండు రోజుల తరువాతి ఆదివారమనీ, కొందరు ఆ పై వారమనీ అనుకుంటారు. తేదీ, వారం, పూట, గంట నాలుగూ కలిపి రాయండి: ‘జూలై 12, ఆదివారం, సాయంత్రం 7 గంటల నుంచి 8:30 దాకా.’

గడువుకు ‘రాత్రి 12 గంటలు’ అని ఎన్నడూ రాయకండి. ‘శనివారం రాత్రి 12’ అంటే శనివారం ముగిసే వేళా, శుక్రవారం ముగిసి శనివారం మొదలయ్యే వేళా అన్న సందిగ్ధం ప్రతిసారీ వస్తుంది. ‘శనివారం మధ్యాహ్నం 2 గంటలు’ అంటే తకరారు ఉండదు.

ఒక ప్రకటనలో రెండు గడువులుంటాయి, వాటిని విడివిడిగా రాయాలి. ఒకటి ప్రశ్నలు పంపే గడువు, మరొకటి కార్యక్రమ సమయం. రెండింటికీ మధ్య కనీసం ఒక రోజు ఎడం ఉంచుకోండి. వచ్చిన ప్రశ్నలను చదివి, ఒకేలా ఉన్నవాటిని కలిపి, జవాబిచ్చే వ్యక్తికి ముందుగా చూపించడానికి ఆ రోజు కావాలి.

తండ్రి గల్ఫ్‌లో ఉండి, తల్లీ పిల్లలూ కరీంనగర్‌లోనో నిజామాబాద్‌లోనో ఉన్న కుటుంబాలు మనకు చాలా ఉన్నాయి. నిర్ణయం ఫోన్లో తండ్రితో కలిసి తీసుకుంటారు కనుక ఆయన కూడా వినగలిగితే మేలు. భారత కాలమానం ప్రకారం సాయంత్రం 7 అంటే దుబాయిలో 5:30, సౌదీ, కువైట్, ఖతార్‌లలో 4:30. ఈ ఒక్క పంక్తిని ప్రకటనలో చేర్చండి. పని వేళల దృష్ట్యా వినలేనివారికి రికార్డింగు ఇస్తారా, ఇస్తే ఎప్పటికి ఇస్తారో కూడా రాయండి.

## 4. ప్రశ్న పంపే పద్ధతి

ప్రశ్నలు రావడానికి ఒకే దారి ఉండాలి. వాట్సాప్ నంబరు, ఫారం, ఫోను, గ్రూపులో వ్యాఖ్యలు అన్నీ తెరిచి ఉంచితే ఏదో ఒకచోట ఒక ప్రశ్న చూడకుండా మిగిలిపోతుంది, ఆ విద్యార్థి తనను పట్టించుకోలేదని అనుకుంటాడు. ఈ కార్యక్రమానికే కేటాయించిన ఒక వాట్సాప్ నంబరును నేను ఎంచుకుంటాను, ఎందుకంటే ఫారం నింపడం రాని తల్లిదండ్రులకు కూడా అది చేతనవుతుంది. సొంత నంబరు ఇవ్వకండి, కౌన్సెలింగ్ ముగిసిన తరువాత కూడా ఫోన్లు వస్తూనే ఉంటాయి.

టైపు చేయడం రానివారు మాట రూపంలో పంపవచ్చని, అది ఒక నిమిషం దాటకూడదని రాయండి. ఈ వీలు ఇవ్వకపోతే, పిల్లల చేత రాయించుకోలేని తల్లుల ప్రశ్నలు మనదాకా రావు.

తరువాతిది ప్రశ్నకు ఒక నమూనా ఇవ్వడం. వివరాలు ఏమేమి కావాలో జాబితా ఇచ్చినంత మాత్రాన సరిపోదు, నింపిన ఉదాహరణ ఒకటి చూపిస్తేనే అందరూ అదే తీరులో రాస్తారు. తేడా ఎలా ఉంటుందో చూడండి.

వచ్చే తీరు: ‘సార్ మా పాపకి 24 వేలు వచ్చింది, మంచి కాలేజీ చెప్పండి ప్లీజ్.’

రావలసిన తీరు: ‘ర్యాంకు 24,000. బీసీ-డి, అమ్మాయి, ఉస్మానియా స్థానికత. ఇంటి నుంచి రోజూ వెళ్లి రాగలిగిన కాలేజీలో ఈసీఈని ముందు పెట్టాలా, హాస్టల్‌లో ఉండవలసిన కాలేజీలో సీఎస్ఈని ముందు పెట్టాలా అన్నది సందేహం.’

రెండవ దానికి మాస్టారు నాలుగు నిమిషాల్లో పనికొచ్చే జవాబు చెప్పగలరు. ఆప్షన్ల జాబితాను పై నుంచి కిందికి చూస్తూ, ర్యాంకును బట్టి దొరికిన మొదటి సీటునే కేటాయిస్తారు. కనుక నిజంగా ఎక్కువ ఇష్టమైనదే పైన ఉండాలి, రాదేమోనన్న భయంతో దాన్ని కిందికి దించితే అది దొరికే అవకాశాన్ని చేతులారా పోగొట్టుకున్నట్లే. ఇంతటి ముఖ్యమైన విషయం, ప్రశ్న సరిగ్గా వచ్చినప్పుడు మాత్రమే చర్చకు వస్తుంది.

ఏమి పంపకూడదో చెప్పడం ఇంతకంటే ముఖ్యం. హాల్‌టికెట్ నంబరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు, పాస్‌వర్డ్, ఓటీపీ, ర్యాంకు కార్డు ఫొటో పంపవద్దని ముదురు అక్షరాల్లో రాయండి. ఈ వివరాలు పరాయివారి చేతిలో పడితే విద్యార్థి ఆప్షన్లను మార్చేసే అవకాశం ఏర్పడుతుంది. మేము ఎవరికీ ఫోను చేసి ఓటీపీ అడగము అన్న వాక్యాన్ని కూడా చేర్చండి, మన కార్యక్రమం పేరు చెప్పి మరెవరైనా అడిగితే కుటుంబం అప్రమత్తంగా ఉంటుంది.

## 5. జవాబుల విషయంలో మాట ఇచ్చేటప్పుడు

పదిహేడు ప్రశ్నలకే సమయం ఉన్నప్పుడు యాభై వస్తే ఏమి చేస్తారో ముందే చెప్పాలి. ముందు వచ్చినవాటికి ముందు అన్న పద్ధతి న్యాయంగా కనిపిస్తుంది కానీ, ఫోను ఎప్పుడూ చేతిలో ఉండేవారికే అది మేలు చేస్తుంది. ఎక్కువమందికి ఉపయోగపడే ప్రశ్నలను ముందుగా తీసుకుంటాము అని రాయడం మంచిది. మిగిలినవాటికి రాతపూర్వకంగా జవాబిస్తామంటే, ఏ రోజు ఏ గంటకల్లా ఇస్తారో రాయండి, ఆ గడువు ఆప్షన్లు ముగియడానికి ముందే ఉండాలి. ఇవ్వలేకపోతే ఇవ్వలేమనే రాయండి. ‘వీలైనంత త్వరగా’ అన్న మాటను నమ్ముకొని ఒక విద్యార్థి ఆప్షన్లు ఫ్రీజ్ చేయకుండా కూర్చోవచ్చు.

జవాబిచ్చే వ్యక్తి అధికారి కాదన్న సంగతినీ, తుది మాట tgeapcet.nic.in లో ఉన్న అధికారిక సమాచారానిదేనన్న సంగతినీ ఒక వాక్యంలో చెప్పండి.

## 6. పూర్తి నమూనా

ఆప్షన్లు జూలై 9, గురువారం మొదలై జూలై 14, మంగళవారం ముగుస్తాయనుకుందాం. ఈ తేదీలు ఉదాహరణకు మాత్రమే, మీరు ఆ ఏడాది షెడ్యూలు చూసి మార్చుకోవాలి. ప్రకటనను జూలై 7, మంగళవారం నాడు పంపాలి.

> తెలంగాణ ఎప్‌సెట్ (ఇంజినీరింగ్, కన్వీనర్ కోటా): వెబ్ ఆప్షన్లపై మీ సందేహాలకు జవాబులు
>
> జూలై 12, ఆదివారం, సాయంత్రం 7 గంటల నుంచి 8:30 దాకా ఆన్‌లైన్‌లో (దుబాయి 5:30, సౌదీ, కువైట్, ఖతార్ 4:30). ప్రవేశం ఉచితం.
>
> జవాబులు చెప్పేవారు: సహాయ కేంద్రంలో ధ్రువపత్రాల పరిశీలన చేసిన అనుభవమున్న విశ్రాంత అధ్యాపకులు. వారు అధికారిక ప్రతినిధి కారు. తుది సమాచారానికి tgeapcet.nic.in చూడండి.
>
> చెప్పేవి: ఆప్షన్ల వరుస, ఫ్రీజింగ్, ధ్రువపత్రాల్లో లోపాలు, రెండో విడతలో పాల్గొనడం.
>
> కొంతవరకే: సీటు వస్తుందో రాదో చెప్పలేము. మీరు రాసుకున్న పది ఆప్షన్ల వరుసపై అభిప్రాయం చెబుతాము.
>
> చెప్పనివి: ఆంధ్రప్రదేశ్ కౌన్సెలింగ్, యాజమాన్య కోటా, ఐఐటీ, ఎన్ఐటీ ప్రవేశాలు, బైపీసీ విభాగం.
>
> ప్రశ్నలు పంపడం: జూలై 11, శనివారం మధ్యాహ్నం 2 గంటల లోపు, (నంబరు)కు వాట్సాప్‌లో మాత్రమే. ఒకరికి ఒక ప్రశ్న. ర్యాంకు, కేటగిరీ, అమ్మాయా అబ్బాయా, స్థానికత, రెండు మూడు వాక్యాల్లో సందేహం. ఉదాహరణ: ‘ర్యాంకు 24,000. బీసీ-డి, అమ్మాయి, ఉస్మానియా స్థానికత. ఇంటి నుంచి రోజూ వెళ్లి రాగలిగిన కాలేజీలో ఈసీఈని ముందు పెట్టాలా, హాస్టల్‌లో ఉండవలసిన కాలేజీలో సీఎస్ఈని ముందు పెట్టాలా అన్నది సందేహం.’ మాట రూపంలో అయితే ఒక నిమిషం లోపు.
>
> హాల్‌టికెట్ నంబరు, పుట్టిన తేదీ, ఆధార్, పాస్‌వర్డ్, ఓటీపీ, ర్యాంకు కార్డు ఫొటో పంపకండి. మేము ఫోను చేసి ఇవేవీ అడగము.
>
> కార్యక్రమంలో సుమారు 17 ప్రశ్నలకు సమయం ఉంటుంది. ఎక్కువమందికి ఉపయోగపడేవాటిని ముందు తీసుకుంటాము. మిగిలినవాటికి జూలై 13, సోమవారం మధ్యాహ్నం 12 లోపు రాతపూర్వకంగా జవాబిస్తాము. మీ పేరు ఎక్కడా చదవము. రికార్డింగు ఆదివారం రాత్రి 10 గంటలకల్లా పంపుతాము.

ఈ ప్రకటనను బొమ్మగా కాక అక్షరాలుగా పంపండి. బొమ్మలో నంబరును నొక్కి తెరవడం కుదరదు, అక్షరాలు చిన్నవైతే పెద్దవారు చదవలేరు. అలంకారం కోసం పోస్టరు తయారు చేసినా, దాని కింద ఈ పాఠం మొత్తం ఉండాలి.

## 7. తరచూ జరిగే పొరపాట్లు, వాటిని సరిదిద్దే తీరు

అందరూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. మొదటి రోజు వచ్చిన సందేశాల్లో సగం ర్యాంకు, కాలేజీ ప్రశ్నలే అయితే పరిధి వాక్యం కిందెక్కడో ఉండిపోయిందని అర్థం. దాన్ని పైకి తెచ్చి ప్రకటనను మళ్లీ పంపండి. అప్పటికే పంపినవారికి పది ఆప్షన్లు రాసి పంపమని విడిగా చెప్పండి.

ప్రశ్నలు చాలా తక్కువ వచ్చాయి. ఆసక్తి లేదని తొందరపడి అనుకోకండి. నియమాలు ఎక్కువై, పంపే నంబరు కనబడకపోయి ఉండవచ్చు. పది మంది విద్యార్థులకు చూపించి ‘ప్రశ్న ఎక్కడికి పంపాలి?’ అని అడగండి. జవాబు వెంటనే రాకపోతే ఆ పంక్తి చోటు మార్చాలి.

వ్యక్తిగత వివరాలు వచ్చేశాయి. వద్దన్నా ర్యాంకు కార్డు ఫొటో పంపేవారుంటారు. ఆ సందేశాన్ని ఎవరికీ పంపకుండా మీ ఫోన్లో తొలగించి, పంపినవారిని కూడా తొలగించమని చెప్పి, ప్రశ్నను వివరాలు లేకుండా మళ్లీ రాయమని కోరండి.

గడువు దాటాక ప్రశ్నలు వస్తున్నాయి. ఒకరికి మినహాయింపు ఇస్తే, సమయానికి పంపినవారిలో ఒకరు వంతు కోల్పోతారు. వాటిని రాతపూర్వక జవాబుల జాబితాలో చేర్చి, ఆ సంగతి పంపినవారికి చెప్పండి.

## 8. పంపే ముందు సరిచూసుకోండి

- పరీక్ష, రాష్ట్రం, విభాగం, కోటా మొదటి పంక్తిలోనే ఉన్నాయా?
- ప్రతి తేదీకి వారం పేరు ఉందా, క్యాలెండర్‌తో పోల్చి చూశారా?
- ప్రశ్నల గడువు, కార్యక్రమ సమయం విడివిడిగా కనిపిస్తున్నాయా?
- రాతపూర్వక జవాబుల గడువు ఆప్షన్ల గడువు కంటే ముందుందా?
- నంబరుకు మరొక ఫోను నుంచి ఒక సందేశం పంపి చూశారా?
- పంపకూడని వివరాల జాబితా ముదురు అక్షరాల్లో ఉందా?
- జవాబిచ్చే వ్యక్తి తుది పాఠాన్ని చదివి సమ్మతించారా?

## 9. షెడ్యూలు మారినప్పుడు

ఆప్షన్ల గడువును అధికారులు పొడిగించడం, తేదీలను జరపడం జరుగుతుంటుంది. అప్పుడు పాత ప్రకటనకు ‘సవరణ’ అని చిన్న పంక్తి జోడించి ఊరుకోకండి, ఎందుకంటే పాత ప్రతి అప్పటికే వేరే గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది. శీర్షికలో ‘సవరించిన ప్రకటన, జూలై 10, ఉదయం 9 గంటలు’ అని వేసి, మారిన పంక్తిని ముందుగా చెప్పి, మొత్తం పాఠాన్ని మళ్లీ పంపండి. రెండు ప్రతులూ చేతికి వచ్చినవారు పైనున్న తేదీ చూసి ఏది తాజాదో తెలుసుకుంటారు.

గడువు పెరిగినంత మాత్రాన కార్యక్రమాన్ని వాయిదా వేయవలసిన పని లేదు. గడువు అనుకున్నదానికంటే ముందే ముగిసేలా మారితే మాత్రం కార్యక్రమాన్నీ, ప్రశ్నల గడువునూ అదే రోజు మార్చి, అప్పటికే ప్రశ్న పంపినవారికి ఒక్కొక్కరికీ విడిగా సందేశం పంపండి. గ్రూపులో పెట్టిన సవరణ వారు చూస్తారని అనుకోకండి, వారిలో చాలామంది ఆ గ్రూపులోనే ఉండరు.